నిర్మాణాత్మకం అనే మాట

విప్లవం మాస్టారు అనేవాళ్ళం ఆయన్ని. పిల్లి ఎదురొస్తే తనే పక్కకి తప్పుకునే మనిషికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, వాళ్ళ నోరు మంచిది కాదు. డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మిగతా పాఠాలన్నీ గోడకి చెప్పినట్టు చెప్పేవారట. విప్లవాల పాఠం వచ్చేసరికి మాత్రం గొంతు లేచేదట, వెనక బెంచీవాళ్ళు కూడా కునుకు మానేసి వినేవాళ్ళట. పాఠం అయిపోగానే మళ్ళీ గొడుగు చంకలో పెట్టుకుని, గోడ వారగా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయేవారు.

ఇల్లంటే పై అంతస్తులో రెండు గదులు. కింద జిరాక్స్ దుకాణం. పొద్దస్తమానం ఆ మిషన్ చప్పుడు మెట్ల మీదుగా పైకి వస్తూనే ఉండేది. "మీకు విసుగనిపించదా మాస్టారూ?" అని అడిగాను ఒకసారి.

"అయ్యో, లేదమ్మా. ఆదివారం అది ఆగిపోతేనే ఇబ్బంది. ఇంట్లో ఎవరో అలిగి మాట్లాడడం మానేసినట్టుంటుంది."

పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడే తల్లి పోతే అక్క పెంచింది. అక్కకి పెళ్ళయ్యాక ఆవిడతో పాటే బావ ఇంటికి చేరి, అక్కడే చదువుకున్నారు. బావ కూడా రాజనీతిశాస్త్రమే, ఈయన కంటే పెద్ద లెక్చరరు. అక్క కాలం చేశాక ఆ ఇంటికి వెళ్ళే దారిలో నెమ్మదిగా గడ్డి మొలిచింది. బావ ఉండేది వేరే ఊళ్ళో. పండక్కీ పబ్బానికీ పిలవాల్సిన మనిషి లేకపోతే పిలుపు ఎవరికి గుర్తుంటుంది? అయినా ఈ భూమ్మీద మాస్టారిని "ఏరా" అని పిలిచే గొంతు ఆ ఒక్కటే మిగిలింది.

ఆ పిలుపు కోసం ఆయన ఏడాదంతా ఎదురుచూసేవారు. అది వినబడేది జవాబుపత్రాలు దిద్దే క్యాంపులో. సెలవుల్లో ఖాళీగా ఉన్న ఓ కాలేజీలో మా లెక్చరర్లందర్నీ పోగేసేవాళ్ళు. పగలు హాల్లో బల్లల ముందు కూర్చుని కట్టలు కట్టలు దిద్దడం, పక్కనే హాస్టల్లో గదికి ఇద్దరు చొప్పున పడుకోవడం. రాజనీతిశాస్త్రం పేపరుకి ఛీఫ్, అంటే దిద్దేవాళ్ళందరి మీదా పెద్ద, మాస్టారి బావగారే. ఇద్దరూ ఎప్పుడూ ఒకే గది. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. బావగారు తన కంచంలో నచ్చనివన్నీ అడక్కుండా ఈయన కంచంలోకి తోసేసేవారు. ఈయన అవి ప్రసాదంలా తినేసేవారు. నాకు నవ్వొచ్చేది మొదట్లో. తర్వాత రావడం మానేసింది. ఇంట్లో ఒక్కడికి వండుకుని ఒక్కడే కడుక్కునే మనిషి కంచంలో ఇంకొకరి చెయ్యి పడడం అంటే ఏమిటో తెలిశాక నవ్వెలా వస్తుంది?

క్యాంపులో మాస్టారి పని ఇంకొకటి ఉండేది. దిద్దడం మొదలుపెట్టే ముందు ప్రతి పెద్ద ప్రశ్నకీ నమూనా జవాబు ఒకటి తయారుచేసి అందరికీ పంచాలి. ఏ అంశం రాస్తే ఎన్ని మార్కులో అందరి చేతిలోనూ ఒకే కొలత ఉండడానికి. విప్లవాల ప్రశ్న వచ్చిందంటే ఆ జవాబు మాస్టారే రాయాలి, ఇంకొకళ్ళు కలం పట్టుకునేవాళ్ళు కాదు.

ఆ సంవత్సరం ఆఖరి ప్రశ్న ఇదీ: 'నిర్మాణాత్మక సిద్ధాంతాల ఆధారంగా విప్లవాలు ఎందుకు సంభవిస్తాయో వివరించుము.' పదిహేను మార్కులు. నాది చరిత్ర. మనుషులు చాలక ఈ బోర్డులో పడేశారు. మాస్టారి నమూనా జవాబు ఒకటికి రెండుసార్లు చదివి, ఆయన బల్ల దగ్గరికే వెళ్ళి కూర్చున్నాను.

"జనానికి కోపం వస్తే విప్లవం వస్తుందనుకున్నాను మాస్టారూ ఇన్నాళ్ళూ. మీరు ఆ ముక్కే రాయలేదు."

ఆయన ముఖం వెలిగిపోయింది. అడిగేవాళ్ళు లేక పాపం ఎన్నాళ్ళయిందో. "కోపం ఎప్పుడు లేదమ్మా? ఆకలీ, అన్యాయం, చాటున తిట్టుకోవడం, ఇవి ప్రతి రాజ్యంలో ప్రతిరోజూ ఉన్నవే. కోపంతోనే వచ్చేట్టయితే వారానికో విప్లవం రావాలి. రాదు. మనుషుల గుండెల్లో ఏముందో కాదు, వ్యవస్థ కట్టుబడి ఎలా ఉంది, అది ఎక్కడ విరుగుతుంది, అది చూడాలంటుంది ఈ సిద్ధాంతం."

"ఎక్కడ విరుగుతుంది?"

"ముందు పైన. తనకంటే బలమైన దేశాలతో యుద్ధమో పోటీయో వచ్చి ప్రభుత్వం మీద బయటి బరువు పడుతుంది. ఖజానా ఖాళీ. పన్నులు వేద్దామంటే భూములూ హోదాలూ ఉన్న పెద్దలు ఒప్పుకోరు. ఫ్రాన్సులో జరిగింది అదే కదా, పరాయి యుద్ధాలకి అప్పులు చేసి, తీర్చడానికి పెద్దల్ని అడిగితే వాళ్ళు అడ్డం తిరిగారు. రష్యాలో యుద్ధం సైన్యాన్నే విరిచేసింది. పైవాళ్ళలో వాళ్ళకే పడకపోతే సర్కారు కచేరీ, పోలీసు, సైన్యం, ఎవరి మాట వినాలో తెలియక చేతులెత్తేస్తాయి. సరిగ్గా అప్పుడు కింద రైతులకి సొంత కట్టు ఉండాలి. దొర పెత్తనం లేకుండా ఊరంతా కూర్చుని తేల్చుకునే అలవాటు. పైన పగులు, కింద కట్టు, రెండూ ఒకే కాలంలో కలవాలమ్మా. ఒకటే ఉంటే అల్లరి అవుతుంది, అణిగిపోతుంది."

"చైనా రైతులకి అంత కట్టు లేదుగా?"

"శభాష్! లేదు. అందుకే పాత రాజ్యం కూలినా అక్కడ అన్నేళ్ళు పట్టింది. పార్టీయే పల్లెల్లోకి పోయి ఆ కట్టు కట్టాల్సి వచ్చింది. ఇంకో పాయ కూడా ఉంది. జనాభా పెరిగి ధరలు మండి, చదువుకున్నవాళ్ళు ఎక్కువై కుర్చీలు తక్కువైతే, ఆ కుర్చీల కోసం పైవాళ్ళే కొట్టుకు చస్తారు. ఇవన్నీ రాశాక చివర్లో లోపం కూడా రాయాలి. నాయకుల్నీ, ఆలోచనల్నీ, నమ్మకాల్నీ ఈ సిద్ధాంతం చిన్నచూపు చూసిందని. ఇరాన్ సంగతి చూడు, యుద్ధంలో ఓడిందీ లేదు, కదిలింది ముఖ్యంగా పట్నాల జనం. అక్కడ ఈ కొలబద్ద కొంచెం పొట్టిదవుతుంది."

"ఏరా, పాఠం అయిందా? ఈవిడక్కూడా సర్టిఫికెట్ ఇస్తావా?" అన్నారు ఛీఫ్ అటుగా పోతూ. మాస్టారు చిన్నపిల్లాడిలా నవ్వారు.

మర్నాడు కట్టలు విప్పాం. కాసేపటికే హాల్లో కిసకిసలు మొదలయ్యాయి. ఓ లెక్చరరు లేచి నిలబడి పైకి చదివాడు: "'విప్లవాలు నిర్మాణాత్మకంగా ఉండవలెను గానీ విధ్వంసకరంగా ఉండరాదు. నిర్మాణాత్మక విప్లవము వంతెనలను, పాఠశాలలను నిర్మించును.' ఆహా, ఏం చెప్పాడండీ! వీడికి కాంట్రాక్టు ఇప్పించాలి." హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. రెండో కట్టలో అవే వంతెనలు, మూడో కట్టలో నిర్మాణాత్మక విమర్శ, నిర్మాణాత్మక సహకారం, పేపర్లో రోజూ కనబడే సరుకంతా. సున్నాలు చుట్టుకుంటూ పోయారు అందరూ.

మాస్టారొక్కరే నవ్వలేదు. ఒక జవాబుపత్రం ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. వెళ్ళి చూశాను. మూడు పేజీల నిండా వంతెనలే. ఆ మూడు పేజీల మీదా ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా గీతలు కొట్టేసి ఉన్నాయి. కింద గజిబిజిగా రెండు వాక్యాలు: 'ఇది వ్యవస్థాగత సిద్ధాంతాల గురించి అని ఇప్పుడే అర్థమైంది. టైము లేదు.'

ఆ రెండు వాక్యాలతో నాకూ మబ్బు విడిపోయింది. పిల్లలు చదివే పాఠ్యపుస్తకంలో ఆ సిద్ధాంతాల పేరు 'వ్యవస్థాగత సిద్ధాంతాలు'. మాస్టారు జవాబు రాసేటప్పుడు ఆయన తలలో రెండు పేర్లూ ఒకటే కాబట్టి తేడా కనబడలేదు. నాకసలు పాఠమే కొత్త. ప్రశ్నపత్రం రెండు భాషల్లో అచ్చవుతుంది. ఇంగ్లీషులో ఆ మాట తిన్నగానే ఉంది. మన భాషలో రాసే పిల్లలు మాత్రం, ఇంట్లోనూ వార్తల్లోనూ నిర్మాణాత్మకం అంటే మంచి చేసేది, కట్టేది అనే వింటూ పెరిగారు. వాళ్ళ తప్పేముంది? చదివి కూడా సున్నా తెచ్చుకోబోతున్నారు.

ఇలాంటివి జరిగితే ఓ పద్ధతి ఉంది. ప్రశ్నలో తికమక ఉందని బోర్డు సభ్యులు రాసి సంతకాలు పెట్టి, ఛీఫ్ ఒప్పుకుని పైకి పంపితే, యూనివర్సిటీ పరీక్షల కంట్రోలర్ ఆఫీసు అందరికీ కొన్ని మార్కులు కలుపుతుంది. మూడు నిమిషాల పని. చిక్కల్లా ఒకటే. ప్రశ్నపత్రాన్ని మన భాషలోకి దించింది ఎవరో బయటికి చెప్పకూడదు గానీ, హాల్లో కుర్చీలకి కూడా తెలుసు అది ఛీఫ్ చేసిన పనేనని.

మాస్టారు ఆ కాగితం పట్టుకుని బావ బల్ల దగ్గరికి వెళ్ళారు. నేను వెనకే ఉన్నాను.

"బావా, ఈ మాట పిల్లల్ని పక్కదారి పట్టించింది."

ఛీఫ్ కళ్ళజోడు తీశారు. "మాటలో తప్పేముందిరా? పెద్ద పెద్ద పుస్తకాల్లో అదే వాడతారు. నిఘంటువు తెప్పించనా?"

"నిఘంటువులో ఉంది బావా. వాళ్ళు చదివిన పాఠంలో లేదు."

"బుర్ర ఉపయోగించాలి. చదువుకున్నవాళ్ళు రాస్తున్నారుగా."

"సగంమంది రాయలేదు."

"అయితే ఇప్పుడేమంటావు? నేను తప్పు చేశానని పదిమందిలో సంతకం పెట్టమంటావా?" ఆయన గొంతు తగ్గింది. "ఈ ముసలితనంలో నన్ను ప్యానెల్లోంచి తీయించి నువ్వేం బావుకుంటావురా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మాస్టారి ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆ ముఖంలో ఏముందో ఇప్పటికీ చెప్పగలను. ఆయనకి కావలసినవి రెండే, పిల్లలకి న్యాయమూ, బావ పిలుపూ. ఒకటి పట్టుకుంటే ఇంకోటి జారిపోయేట్టుంది. జారిపోతే మళ్ళీ దొరికే వయసు కాదు ఇద్దరిదీ.

ఆయన తన బల్ల దగ్గరికి తిరిగొచ్చి, తెల్లకాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టారు. రెండో సంతకం నాది. తర్వాత కాగితం హాలంతా తిరిగింది. ఇందాక వంతెనల మీద పడిపడి నవ్వినవాళ్ళందరికీ ఒక్కసారిగా దిద్దవలసిన పేపర్లు గుర్తొచ్చాయి. ఒకాయన కలంలో ఇంకైపోయిందన్నాడు. ఇంకొకాయన "రేపు చూద్దాం మాస్టారూ" అన్నాడు. ఛీఫ్‌తో ఏటా పని పడేవాళ్ళు, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకున్నారు. కాగితం రెండు సంతకాలతోనే వెనక్కి వచ్చింది.

"కోపం అందరికీ ఉందమ్మా," అన్నారు మాస్టారు మెల్లిగా. "నేను రాసిన జవాబు నాకు తెలియదా?"

అయినా లేచారు. ఛీఫ్‌ని పక్కనపెట్టి, ఆ కాగితం తిన్నగా కంట్రోలర్ ఆఫీసు గుమాస్తా చేతికి ఇచ్చి వచ్చారు. వరండాలో ఛీఫ్ ఎదురయ్యారు. అప్పటికే ఎవరో ఆయన చెవిలో వేసేశారు.

"మీ అక్క ఉంటే ఈ పని చేసేవాడివా?"

మాస్టారు తల దించుకునే జవాబిచ్చారు. "అక్క ఉంటే సంతకం నువ్వే పెట్టేవాడివి బావా."

ఛీఫ్ గిర్రున తిరిగి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే ఆయన పక్కబట్టలు వేరే గదిలోకి మారాయి. భోజనాల దగ్గర ఆయన దూరపు బల్ల ఎంచుకున్నారు. మాస్టారు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, పక్క కుర్చీలో ఎవరూ కూర్చోకుండా తువ్వాలు వేసి పెట్టారు. ఎవరైనా అడిగితే "వస్తారు" అనేవారు. ఆయన రాలేదు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను గానీ, నేను కూర్చుంటే ఏం లాభం? నేను ఆయన్ని "ఏరా" అనలేనుగా.

తర్వాత జరిగింది ఎవరూ అనుకున్నది కాదు. పక్క యూనివర్సిటీలో కూడా అదే ప్రశ్నలో అదే మాట పడిందట. వాళ్ళు చడీచప్పుడు లేకుండా అందరికీ మార్కులు కలిపేస్తే, ఆ సంగతి వార్తల్లోకి ఎక్కింది. అక్కడ కలిపారు, ఇక్కడ కలపరా అని ఆఫీసు మీద ఒత్తిడి మొదలైంది. ఆ మాటని చూసి సరేనన్నది ఎవరంటూ కంట్రోలరూ, ప్రశ్నపత్రాల కమిటీ పెద్దలూ ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. ఒకరు దిద్దండి అంటే ఒకరు ఆపండి అన్నారు. సరిగ్గా అప్పుడే కట్టల గది వాళ్ళు, అంటే జవాబుపత్రాలకి రహస్య నంబర్లు వేసి మాకు అందించే సిబ్బంది, పని ఆపేశారు. వాళ్ళకి పాతకాలం నుంచీ సొంత సంఘం ఉంది. ఏ అధికారినీ అడక్కుండా గదిలో కూర్చుని ఒక మాట మీదికి వస్తారు. ఒకే ప్రశ్నకి రెండుసార్లు దిద్దించేట్టయితే రెండుసార్లు కట్టలు మొయ్యలేం, ముందు తేల్చుకోండి అన్నారు. అంతే. హాల్లోకి కట్ట రాలేదు. మేం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం. ఆ మధ్యాహ్నానికల్లా ఆర్డరు వచ్చింది: ఆ ప్రశ్నకి ఏది రాసినా సగం మార్కులకి తగ్గకుండా వేయండి.

హాల్లో చప్పట్లు కొట్టారు. కలంలో ఇంకైపోయినాయన అందరికంటే గట్టిగా కొట్టి, "విప్లవం మాస్టారికీ..." అని అరిస్తే మిగతావాళ్ళు "జై" అన్నారు. సిగ్గులేని జనం.

నేను పరిగెత్తుకెళ్ళాను మాస్టారి గదికి. ఆయన ఒక్కరే ఉన్నారు, రెండో మంచం మీద పరుపు చుట్ట చుట్టి ఉంది. "మాస్టారూ, మీ జవాబు లేచి వచ్చి ఎదురుగా నిలబడింది! బయటి ఒత్తిడి, పైన కొట్లాట, కింద సంఘం, ఒక్కటి తప్పలేదు. మీరు గెలిచారు."

ఆయన చొక్కా మడతపెడుతున్నారు. మడత సరిగ్గా కుదరక మళ్ళీ విప్పారు.

"గుమాస్తాని అడిగి వచ్చానమ్మా ఇందాక. నా కాగితం ఎవరూ విప్పనే లేదట. అతని బల్ల మీద కాగితాల బొత్తిలో అలాగే ఉందట."

నేను ఆ చుట్టిన పరుపు పక్కన కూర్చున్నాను.

"అంటే నేను ఇవ్వకపోయినా ఇది జరిగేదే," అన్నారు. "నా జవాబులో నేనే రాశాను. ఒక్క మనిషి లేచినందుకు కాదు, విరగాల్సింది విరిగినందుకు వస్తుందని. రాసేటప్పుడు అది ఎంత బాగుందో." నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగిపోయి కళ్ళలోకి నీళ్ళొచ్చాయి. "ఒక రెండు రోజులు నోరు మూసుకుని ఉంటే, పిల్లలకి మార్కులూ వచ్చేవి, నాకు బావా ఉండేవాడు."

"మరి ఎందుకు లేచారు మాస్టారూ?"

"ఆ పిల్లో పిల్లాడో, అన్ని పేజీలూ కొట్టేసుకున్నారు కదమ్మా. చూస్తూ కూర్చోలేకపోయాను."

మరుసటి ఏడు క్యాంపు జాబితాలో ఆయన పేరు లేదు. అడిగితే, వయసైపోయిందన్నారు. ఛీఫ్‌కి మాత్రం వయసు కాలేదు. అనువాదం ఇంకొకరికి ఇచ్చారు గానీ కుర్చీ ఆయనదే. విప్లవాల ప్రశ్న రాలేదు. వస్తే నమూనా జవాబు ఎవరు రాసేవాళ్ళో.

క్యాంపు అయిపోయాక మాస్టారిని చూడ్డానికి వెళ్ళాను. ఆదివారం. కింద దుకాణం మూసి ఉంది. మెట్లెక్కుతుంటే నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. నేను తలుపు కొట్టకముందే తీశారు. అడుగుల చప్పుడు ఎప్పటినుంచి వింటున్నారో. టీ పెడతానని లోపలికి వెళ్ళి, రెండో కప్పు ఎక్కడుందో వెతుక్కున్నారు చాలాసేపు.

క్యాంపు కబుర్లన్నీ అడిగారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, మెస్సులో వంట మారిందా. అడగాల్సింది మాత్రం అడగలేదు. చివరికి నేనే చెప్పాను.

"ఛీఫ్‌గారు బాగానే ఉన్నారు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. గదిలోకి ఎవర్నీ రానివ్వలేదట, రెండో మంచం ఖాళీగానే ఉంచుకున్నారు."

నేను ఇది మంచి వార్త అనుకునే మోసుకొచ్చాను. బావగారికి కూడా బాధ ఉందని తెలిస్తే ఈయన మనసు చల్లబడుతుందనుకున్నాను. మాస్టారు కప్పు కింద పెట్టేశారు.

"ఒక్కడే పడుకున్నాడా?" అన్నారు. "నన్ను పిలవకపోతే పోనీ, ఇంకెవర్నైనా పెట్టుకోవాల్సిందమ్మా. అక్క పోయినప్పటినుంచీ ఆయనకి గదిలో మనిషి లేకపోతే నిద్ర పట్టదు."